నడుము కొలత నుంచి ఫుల్ సర్కిల్ స్కర్ట్: వ్యాసార్థం ఎంత, గుడ్డ ఎంత?

ఫుల్ సర్కిల్ స్కర్ట్ కుట్టడం పెద్ద పని కాదు. రెండు పక్క కుట్లు, ఒక జిప్పు, ఒక బెల్టు, అడుగున మడత, అంతే. కష్టమంతా కత్తెర పట్టకముందు వేసే లెక్కలోనే ఉంది. నడుము దగ్గర కత్తిరించే ఆ చిన్న వృత్తంలో వ్యాసార్థం పావు అంగుళం పెరిగితే నడుము ఒకటిన్నర అంగుళం పెరిగిపోతుంది. అర అంగుళం పెరిగితే మూడు అంగుళాలు దాటుతుంది. మామూలు స్కర్టులో పావు అంగుళాన్ని పట్టించుకోం, ఇక్కడ మాత్రం పట్టించుకోక తప్పదు.

లెక్క తేలిగ్గా అర్థం కావాలంటే ఒక్క కొలత పట్టుకుని చివరిదాకా వెళ్లడం మంచిది. నడుము 30 అంగుళాలు, బెల్టు కింది అంచు నుంచి స్కర్టు పొడవు 26 అంగుళాలు, గుడ్డ పన్నా 44 అంగుళాలు అనుకుందాం. బెల్టు ఉంటుంది, ఒక పక్క జిప్పు ఉంటుంది. ఈ అంకెల స్థానంలో మీ కొలతలు పెట్టుకుంటూ చదవండి.

కొలత తీసుకోవడం

స్కర్టు ఎక్కడ నిలబడాలో అక్కడ నడుముకు ఒక సన్నటి నాడా కట్టుకోండి. కాసేపు అటూ ఇటూ తిరిగితే అది దానంతటదే సర్దుకుంటుంది. దాని మీదుగా టేపు పెట్టి, ఊపిరి బిగబట్టకుండా, టేపు కింద ఒక వేలు దూరేంత వదులుతో కొలవండి. ఈ కొలతకు ఇంకేమీ లూజు కలపకండి. బ్లౌజుకో కుర్తాకో లూజు కలిపే అలవాటు చేతికి వచ్చేసి ఉంటుంది కానీ, సర్కిల్ స్కర్టు నడుము అంచు తనంతట తానే సాగుతుంది. అది ఎందుకో కాసేపట్లో చూద్దాం.

చిన్న వృత్తం వ్యాసార్థం

వృత్తం చుట్టుకొలత అంటే వ్యాసార్థానికి 6.28 రెట్లు అని బడిలో నేర్చుకున్నాం. కాబట్టి చుట్టుకొలత తెలిస్తే దాన్ని 6.28తో భాగిస్తే వ్యాసార్థం వస్తుంది. 22/7తో లెక్క వేసే అలవాటుంటే చుట్టుకొలతను 7తో గుణించి 44తో భాగించండి, జవాబు దాదాపు అదే.

అయితే భాగించాల్సింది 30ని కాదు. 44 పన్నాలో ఈ స్కర్టు ఒకే ముక్కగా రాదు, రెండు అర్ధవృత్తాలుగా కత్తిరించి రెండు పక్కలా కలపాలి. ఒక్కో పక్క కుట్టులో రెండు ముక్కల నుంచి చెరో అర అంగుళం లోపలికి పోతుంది. రెండు పక్కలా కలిపి రెండు అంగుళాలు. ఆ రెండూ ముందే కలపకపోతే నడుము 28కి తయారవుతుంది.

30 + 2 = 32. దాన్ని 6.28తో భాగిస్తే 5.1 అంగుళాలు.

ఇప్పుడు చాలామంది 5.1కి చాక్‌తో గీసి అక్కడే కత్తిరించేస్తారు. స్కర్టు నడుము మీద నిలవకుండా తుంటి మీదికి జారిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. 5.1 అనేది కుట్టు పడే గీత. బెల్టు అతకడానికి దాని పైన అర అంగుళం గుడ్డ ఉండాలి. వృత్తంలో పైన అంటే మధ్య బిందువు వైపు. అంటే కత్తిరించే గీత ఇంకా లోపల, 4.6 దగ్గర ఉంటుంది. 5.1 దగ్గర కత్తిరించి, అక్కడి నుంచి అర అంగుళం కిందికి కుట్టారంటే కుట్టు 5.6 దగ్గర పడుతుంది. అక్కడ చుట్టుకొలత 35 అంగుళాల పైమాటే. పక్క కుట్లకు రెండు పోయినా 33 మిగులుతుంది. కావాల్సిందేమో 30.

ఈ రెండు వ్యాసార్థాలనూ విడిగా కాగితం మీద రాసుకోండి:

కుట్టు గీత = (నడుము + పక్క కుట్లకు పోయేది) ÷ 6.28
కోత గీత = కుట్టు గీత − 0.5

మన లెక్కలో కోత గీత 4.6 వచ్చింది కదా, దాన్ని 4½ చేసేయండి. ఎప్పుడూ తగ్గించే వైపే సర్దాలి. చిన్నగా వచ్చిన నడుమును తర్వాత కాస్త కత్తిరించి పెంచుకోవచ్చు, కత్తిరించేసిన గుడ్డను మళ్లీ అతికించలేం. 4½కి కత్తిరిస్తే కుట్టు 5 దగ్గర పడుతుంది. చుట్టుకొలత 31.4, పక్క కుట్లు తీసేస్తే 29.4. అర అంగుళం తక్కువైందని టెన్షన్ పడకండి, ఆ అర అంగుళం సాగుడులోనే వచ్చేస్తుంది.

గుడ్డలో నిలువు పోగు సాగదు, అడ్డ పోగు కొంచెం సాగుతుంది, వాటి మధ్య ఏటవాలుగా, అంటే క్రాస్‌లో లాగితే బాగా సాగుతుంది. వృత్తాకారంలో కోసిన నడుము అంచులో ఈ మూడు దిక్కులూ ఉంటాయి. క్రాస్ పడే చోట్లు చుట్టూ నాలుగు వస్తాయి. స్కర్టు బరువంతా ఆ అంచు నుంచే వేలాడుతుంది కనుక ఆ నాలుగు చోట్లా అంచు సాగి నడుము పెద్దదవుతుంది. లూజు కలపవద్దన్నది ఇందుకే.

మొత్తం వ్యాసార్థం, గుడ్డ

పెద్ద వృత్తం వ్యాసార్థం అంటే మధ్య బిందువు నుంచి స్కర్టు అడుగు అంచు దాకా ఉన్న దూరం. కోత గీత 4½, దానికి పైన కుట్టుకు అర అంగుళం, పొడవు 26, అడుగు మడతకు అర అంగుళం కలపాలి. మొత్తం 31½ అంగుళాలు.

వృత్తం మొత్తం ఒకే ముక్కగా రావాలంటే దానికి రెట్టింపు, 63 అంగుళాల పన్నా కావాలి. 58 పన్నా గుడ్డలో కూడా అది పట్టదు. ఇదే నడుముకు 58 పన్నాలో ఒకే ముక్కగా రావాలంటే పొడవు సుమారు 23 అంగుళాల దగ్గరే ఆగిపోవాలి. పక్క కుట్లు లేని కత్తిరింపు కాబట్టి అక్కడ 30నే నేరుగా భాగించాలి, జిప్పు కోసం ఒక చోట చీలిక ఇవ్వాలి.

అర్ధవృత్తాలకు వద్దాం. ఒక్కో అర్ధవృత్తం తిన్నటి అంచును గుడ్డ నేత అంచు మీద పెడితే పన్నాలో 31½, పొడుగున 63 అంగుళాలు పడుతుంది. రెండింటినీ ఒకే వైపు అంచు మీద ఒకదాని తర్వాత ఒకటి పెడితే 126 అంగుళాలు, అంటే 3.2 మీటర్లు. చాలామంది ఇలాగే లెక్క కట్టి కొంటారు. తప్పేమీ కాదు గానీ, పన్నాలో రెండో వైపు పదకొండు అంగుళాల పైచిలుకు పట్టీ మొత్తం పొడవునా మిగిలిపోతుంది.

అంతకంటే పొదుపైన పద్ధతి, ఒక అర్ధవృత్తాన్ని ఎడమ అంచు మీద, రెండోదాన్ని కుడి అంచు మీద ఎదురెదురుగా పెట్టడం. ఒకదాని గుండ్రం పక్కన మిగిలే మూలలోకి రెండోదాని గుండ్రం దూరుతుంది. ఎంతవరకు దూరవచ్చు అన్నదానికి నియమం ఒక్కటే. రెండు మధ్య బిందువుల మధ్య ఐమూలగా ఉండే దూరం వ్యాసార్థానికి రెట్టింపు కంటే తగ్గకూడదు. మన లెక్కలో అది 63.

44 పన్నాలో రెండు వైపులా నేత అంచుకు అర అంగుళం చొప్పున తీసేస్తే 43 మిగులుతుంది. లంబకోణ త్రిభుజం లెక్క వేస్తే, 63 వర్గం 3969, 43 వర్గం 1849, తేడా 2120, దాని వర్గమూలం 46. అంటే రెండో మధ్య బిందువు మొదటిదానికంటే 46 అంగుళాలు ముందుకు ఉంటే చాలు. మొత్తం గుడ్డ 46 + 63 = 109 అంగుళాలు. ముక్కల మధ్య, చివర్లో కత్తెర తిరగడానికి ఒక అంగుళం వేసుకుంటే 110, అంటే 2.8 మీటర్లు. ఒకే వైపు పెట్టినదానికంటే 40 సెంటీమీటర్లు తక్కువ.

ఏ కొలతకైనా సూత్రం ఇది:

గుడ్డ పొడవు = (2 × మొత్తం వ్యాసార్థం) + √[(2 × మొత్తం వ్యాసార్థం)² − (వాడుకునే పన్నా)²]

బెల్టుకు వేరే గుడ్డ అక్కర్లేదు. మొదటి అర్ధవృత్తానికి కుడి పక్కన, రెండోది మొదలయ్యే దాకా, సుమారు 46 అంగుళాల పొడవు, 11 అంగుళాల వెడల్పున్న ముక్క మిగులుతుంది. 33 అంగుళాల పొడవు, 3½ వెడల్పున్న బెల్టు అందులో హాయిగా వస్తుంది. అవతలి చివర కూడా అలాంటిదే ఇంకొకటి మిగులుతుంది, అది జేబులకు పనికొస్తుంది.

గుడ్డ నూలుదైతే 3 మీటర్లు కొని, కత్తిరించే ముందే ఒకసారి తడిపి ఆరేసి ఇస్త్రీ చేయండి. నూలు తడిస్తే పొడవూ తగ్గుతుంది, పన్నా కూడా కాస్త తగ్గుతుంది. పన్నా తగ్గితే రెండు ముక్కలు అంత దగ్గరగా ఇమడవు కాబట్టి పొడవు ఇంకొంచెం పడుతుంది. అందుకే తడిపాక పన్నా మళ్లీ కొలిచి, లెక్క ఇంకోసారి వేసుకోండి. ఇదే స్కర్టు 58 పన్నాలో అయితే 90 అంగుళాల్లో వచ్చేస్తుంది. కానీ అక్కడ మిగిలే ముక్క బెల్టుకు సరిపోయేంత పొడవు ఉండదు, 2½ మీటర్లు తీసుకుంటే బెల్టును పన్నాకు అడ్డంగా తీయవచ్చు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. మొత్తం వ్యాసార్థం గుడ్డ పన్నాను దాటకూడదు. 43 అంగుళాల వాడుక పన్నాలో, ఈ నడుముకు, పొడవు 37 అంగుళాల దాకా రెండు ముక్కల్లో నడుస్తుంది. పాదాల దాకా కావాలంటే పన్నా ఎక్కువున్న గుడ్డ వెతకాలి, లేదంటే వృత్తాన్ని ఎనిమిది ముక్కలు చేయాలి. నాలుగు ముక్కలు చేస్తే లాభం లేదు, పావు వృత్తానికి కూడా పన్నాలో అంతే చోటు కావాలి. ఎనిమిది ముక్కలైతే కుట్లూ ఎనిమిదే కాబట్టి, వ్యాసార్థం లెక్కలో నడుముకు 2 బదులు 8 అంగుళాలు కలపడం మరిచిపోవద్దు.

ఎదురెదురుగా పెడితే డిజైన్ తలకిందులు కాదా?

ఈ అనుమానం అందరికీ వస్తుంది. నిజానికి ఒకే దిక్కు డిజైన్ ఉన్న గుడ్డకు ఎదురెదురు పద్ధతే మేలు. ఎడమ అంచు మీది ముక్క వృత్తంలో ఒక సగం, కుడి అంచు మీది ముక్క రెండో సగం. కలిపి కుట్టినప్పుడు రెండూ ఒకే వృత్తంగా అమరిపోతాయి, కుట్టు దగ్గర పువ్వు నిటారుగా ఉంటే పక్క ముక్కలోనూ నిటారుగానే ఉంటుంది. రెండూ ఒకే అంచు మీద తీస్తే రెండోదాన్ని తిప్పి కలపాలి కాబట్టి, కుట్టుకు ఒక పక్క నిటారు పువ్వు, రెండో పక్క తలకిందుల పువ్వు వస్తుంది. వెల్వెట్ లాంటి నూగున్న గుడ్డలో అదే ఒక పక్క ముదురుగా, ఒక పక్క లేతగా కనిపిస్తుంది.

ఎలా తీసినా ఫుల్ సర్కిల్‌లో డిజైన్ ఒక చోట నిటారుగా, దానికి సరిగ్గా ఎదురుగా తలకిందులుగా, మిగతా రెండు వైపులా పడుకుని ఉంటుంది. ఎదురెదురుగా తీసినప్పుడు నిటారుగా వచ్చేది ఒక కుట్టు దగ్గరే. ఆ కుట్టును పక్కకు కాకుండా ముందుకు తెచ్చుకోవచ్చు, అప్పుడు జిప్పు వెనక కుట్టులోకి వెళ్తుంది. సాదా గుడ్డకు ఈ ఆలోచనే అక్కర్లేదు.

గీయడం, కత్తిరించడం

గుడ్డను మడవకుండా ఒకే పొరగా నేల మీద పరవండి. రెండు నేత అంచులూ అర అంగుళం లోపలగా తిన్నగా గీసుకోండి. ఎడమ గీత మీద, గుడ్డ చివర నుంచి 32 అంగుళాల దగ్గర మొదటి మధ్య బిందువు పెట్టండి. రెండోదానికి వర్గమూలాలు అక్కర్లేదు. టేపు ఒక కొసను మొదటి బిందువు మీద పెట్టి, రెండో కొసను ఐమూలగా కుడి గీత వైపు లాగండి. 63 అంగుళాలు దాటి ఒక పిసరు, ఎక్కడ కుడి గీతను తాకితే అక్కడే రెండో బిందువు. టేపు 60 అంగుళాలదే అయితే ఒక సాగని దారం కొలిచి వాడండి.

పెద్ద వృత్తానికి టేపును మధ్య బిందువు దగ్గర పట్టుకుని, 31½ దగ్గర చాక్ పెట్టి రెండేసి అంగుళాలకు ఒక చుక్క పెడుతూ తిరిగితే సరిపోతుంది. అడుగున పావు అంగుళం అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు.

చిన్న వృత్తానికి మాత్రం టేపు వద్దు. చాలా టేపుల చివర రేకు తొడుగు, అందులో చిన్న రంధ్రం ఉంటాయి. గుండుసూది ఆ రంధ్రంలో గుచ్చి తిప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ సున్నా ఉండేది రేకు అంచు దగ్గర, రంధ్రం దగ్గర కాదు. ఆ రెండింటి మధ్య దూరం చిన్నదే అయినా, అది పావు అంగుళమైతే నడుములో ఒకటిన్నర అంగుళం తేడా పడుతుంది. దానికి బదులు ఒక అట్టముక్కను సన్నటి పట్టీలా కత్తిరించి, స్కేలుతో కొలిచి మూడు రంధ్రాలు చేయండి. మొదటిదాన్ని సున్నా అనుకుంటే, రెండోది 4½ దగ్గర, మూడోది 5 దగ్గర. మొదటి రంధ్రంలో గుండుసూది, మిగతా రెండింట్లో ఒకదాని తర్వాత ఒకటిగా పెన్సిలు పెట్టి తిప్పితే కోత గీత, కుట్టు గీత రెండూ పడతాయి.

కత్తెర తీసే ముందు ఒక పరీక్ష చేయండి. టేపును పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, అర్ధవృత్తంలో కుట్టు గీత వెంబడి మెల్లగా నడిపించండి. 15¾ అంగుళాలకు దగ్గరగా రావాలి, అది 31.4లో సగం. 23 పైన వచ్చిందంటే నడుమును 4తో భాగించి 7½ను వ్యాసార్థం అనుకున్నారన్నమాట. 7½ అనేది నాలుగు మడతల మీద కనిపించే వంపు పొడవు, వ్యాసార్థం కాదు. వంపు సరిగ్గా రెట్టింపు వస్తే 6.28కి బదులు 3.14తో భాగించారు. ఈ దశలో ఏ తప్పు బయటపడినా చాక్ దులిపేసుకుంటే సరి.

రెండు ముక్కలూ, బెల్టూ గీయడం పూర్తయ్యాకే కత్తిరించండి. ముందు ఒక ముక్క కోసి, దాన్నే తిరగేసి రెండోదానికి నమూనాగా వాడితే, అది అప్పటికే క్రాస్‌లో సాగి ఉంటుంది కాబట్టి రెండూ సమానంగా రావు.

నడుము సరిచూడటం

కోసిన వెంటనే, ముక్కలను ఎత్తి ఆడించకముందే, నడుము అంచు నుంచి పావు అంగుళం కంటే కాస్త కిందుగా, కుట్టు గీతకు పైగా, మిషను మీద ఒక మామూలు కుట్టు వేసేయండి. అంచు సాగకుండా అది పట్టి ఉంచుతుంది. తర్వాత పక్క కుట్లు వేసి, జిప్పు చోటు వదిలి, కుట్టు గీత వెంబడి మళ్లీ కొలవండి.

29½ చుట్టుపక్కల ఉంటే ఇంకేమీ చేయకండి, 30 బెల్టుకు అతికేటప్పుడు సర్దుకుంటుంది. 29 కంటే తక్కువైతే అంచును చుట్టూ అర పావు అంగుళం కత్తిరించి, కుట్టు గీతను కూడా అంతే కిందికి జరపండి. నడుము ముప్పావు అంగుళం పెరుగుతుంది. అంతకు మించి ఒకేసారి కత్తిరించకండి. 31 వచ్చిందంటే పక్క కుట్లు రెండింటినీ పావు అంగుళం లోపలికి వేస్తే ఒక అంగుళం తగ్గిపోతుంది. ఇంకా పెద్దదైతే బెల్టును అర అంగుళం దగ్గర కాకుండా పావు అంగుళం దగ్గరే కుట్టండి, ఒకటిన్నర అంగుళం తగ్గుతుంది.

జిప్పు లేకుండా ఎలాస్టిక్ పెట్టాలనుకుంటే లెక్క నడుముతో మొదలుకాదు. స్కర్టు తుంటి దాటి ఎక్కాలి కాబట్టి తుంటి కొలత తీసుకోవాలి. తుంటి 40 అయితే ఎక్కించుకోవడానికి 2, పక్క కుట్లకు 2 కలిపి 44, భాగిస్తే 7. కోత గీత 6½, మొత్తం వ్యాసార్థం 33½. 44 పన్నాలో గుడ్డ 3 మీటర్లకు కొంచెం పైన పడుతుంది.

అడుగు మడత

బెల్టు కుట్టాక స్కర్టును ఒక రోజంతా హ్యాంగరుకు వేలాడదీయండి. క్రాస్ పడిన చోట్ల గుడ్డ కిందికి సాగి, అడుగు అంచు అలలు అలలుగా దిగుతుంది. జారుడు గుడ్డల్లో ఇది ఇంకా ఎక్కువ. తర్వాత వేసుకుని నిలబడి, ఇంకొకరి చేత నేల నుంచి స్కేలుతో ఒకే ఎత్తులో చుట్టూ గుర్తులు పెట్టించి, దిగినదంతా కత్తిరించండి.

మడత అర అంగుళమే ఎందుకంటే, వృత్తం అంచును లోపలికి మడిచినప్పుడు బయటి పెద్ద చుట్టు లోపలి చిన్న చుట్టు మీద కూర్చోవాలి. అర అంగుళం మడతలో మిగిలిపోయేది ఆరు అంగుళాల చిల్లర, దాదాపు 200 అంగుళాల అంచులో అది ఇస్త్రీతో అణిగిపోతుంది. రెండు అంగుళాలు మడిచారంటే 25 అంగుళాల గుడ్డ ముడతలుగా పోగవుతుంది, దాన్ని ఏ ఇస్త్రీ అణచలేదు. అడుగున కాస్త బరువు కావాలనుకుంటే మడత పెంచకుండా, క్రాస్‌లో కోసిన పట్టీని అంచుకు అతికి లోపలికి తిప్పి కుట్టండి.